ప్రకటన ఒకటి, అనువాదం మరొకటి

గడచిన 2024 ఆగస్టు మాసంలో నా పూర్వ విద్యార్థి ఒకడు రెండు కాగితాలు తీసుకొని మా ఇంటికి వచ్చినాడు. ఒకటి భూసేకరణకు సంబంధించిన తెలుగు ప్రకటన. రెండవది దానికి పట్టణంలోని ఒక అనువాద కేంద్రంలో చేయించిన ఆంగ్లానువాదం. కాగితం అడుగున "ఇది యథాతథ అనువాదము" అని ధ్రువీకరిస్తూ ముద్ర కూడా ఉన్నది. "సార్, మీరు తెలుగు ఎరిగినవారు, ఇంగ్లీషు కూడా చదువుతారు. ఒక్కసారి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నాకెందుకో అనుమానంగా ఉంది" అన్నాడు.

అతని అనుమానానికి కారణం ఉన్నది. గ్రామంలో వారి తండ్రిగారి నుండి సంక్రమించిన భూమి నాలుగెకరాల పది గుంటలు. దానికి ఇతడు ఒక హక్కుదారు. అమెరికాలో కాలధర్మం చెందిన అన్నగారి కుమార్తె రెండవ హక్కుదారు. ఆ అమ్మాయి అక్కడే పుట్టి పెరిగినది. తెలుగు మాట్లాడగలదు కాని చదవలేదు. అందుకే ఈ అనువాదం. దానిని చదువుకొని ఆమె బాబాయికి వ్రాసిన జవాబు ఇది: భూమి ఎటూ పోయినది కదా, ఇక మనం చేయవలసినది ఏమున్నది, డబ్బు ఎప్పుడు ఇస్తారో కనుక్కోండి.

తెలుగు ప్రకటనలో భూమి పోయినట్లు ఎక్కడా లేదు. మరి ఆమెకు ఆ అభిప్రాయం ఎక్కడి నుండి కలిగినది? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ మూడు రోజులు ఆ రెండు కాగితాలతో గడిపినాను. కథలకు, కవితలకు వచ్చిన అనువాదాలను సమీక్షించేవారు మనలో చాలామంది ఉన్నారు. సర్కారు కాగితానికి వచ్చిన అనువాదాన్ని సమీక్షించడం ఎవరికీ పట్టిన పని కాదు. కవితలో తప్పు దొరలితే రసభంగం. ప్రకటనలో తప్పు దొరలితే మనిషి చేయవలసిన పని చేయకుండా ఊరుకుంటాడు. కనుక నాకు కనిపించిన వాటిని ఇక్కడ వరుసగా మనవి చేస్తున్నాను.

మొదటి దోషం ఒకే ఒక్క విశేషణం జారిపోవడం. తెలుగు ప్రకటనలో "ప్రజాప్రయోజనము నిమిత్తము సేకరింప ప్రతిపాదించబడిన భూమి" అని ఉన్నది. ఆంగ్లంలో "ల్యాండ్ అక్వైర్డ్ ఫర్ పబ్లిక్ పర్పస్" అని వచ్చినది. "ప్రతిపాదించబడిన" అన్న మాటకు అక్కడ స్థానం లేదు. అనువాదకుడు బహుశా దానిని సర్కారు వాక్యాలలో సహజంగా ఉండే డొంకతిరుగుడుగా భావించి వదలివేసి ఉంటాడు. అయితే ఈ ప్రకటనకు ప్రాణం ఆ మాటలోనే ఉన్నది. 2013 నాటి భూసేకరణ చట్టంలో 11వ సెక్షను క్రింద వెలువడేది ప్రాథమిక ప్రకటన మాత్రమే. ఈ భూమి మాకు అవసరం, లేదా అవసరం కాగలదు అని ప్రభుత్వం చెప్పుకొనే దశ అది. దాని తరువాత అభ్యంతరాలు, విచారణ, ఆపైన 19వ సెక్షను క్రింద నిర్ణయ ప్రకటన, ఆ పిదప పరిహారపు లెక్కలు వస్తాయి. మొదటి మెట్టు మీద ఉన్న వ్యవహారాన్ని ఆ ఒక్క మాట లోపించడం చివరి మెట్టు మీదకు చేర్చినది. ఆ అమ్మాయి జవాబులోని నిరాశకు మూలం ఇదే. ఇంగ్లీషు వాక్యం మాత్రం వ్యాకరణరీత్యా నిర్దుష్టంగా ఉన్నది. మూలం ప్రక్కన పెట్టుకోకుండా అనువాదాన్ని మాత్రమే చదివి "బాగున్నది" అనడంలో ఉన్న ప్రమాదం ఇంత.

రెండవది గడువు. తెలుగులో "ఈ ప్రకటన ప్రచురింపబడిన తేదీ నుండి 60 దినముల లోపల" అని ఉన్నది. ఆంగ్లంలో "నోటీసు అందిన రెండు నెలలలో" అనే అర్థం వచ్చేటట్లు వ్రాసినారు. ఇందులో రెండు మార్పులున్నవి. ప్రచురణ కాస్తా అందుట అయినది. అరవై దినాలు కాస్తా రెండు నెలలు అయినవి. రెండూ చిన్నవిగానే కనిపిస్తాయి. కనుక వ్రేళ్ళమీద లెక్క వేసి చూద్దాము.

ప్రకటన పత్రికలో వెలువడినది 2024 జూలై 4వ తేదీన. "నుండి" అన్నప్పుడు మొదటి రోజును లెక్కలోనికి తీసుకోరాదని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 9వ సెక్షను చెప్పుతున్నది. కనుక జూలై 5 మొదటి దినం. జూలైలో 27 దినాలు, ఆగస్టులో 31, వెరసి 58. అరవయ్యవ దినం సెప్టెంబరు 2. అదే "రెండు నెలలు" అనుకుంటే సెప్టెంబరు 4 దాకా వెళుతుంది. జూలైకి, ఆగస్టుకు కూడా ముప్పది యొక్క రోజులు కావడం చేత ఈ రెండు రోజుల తేడా వచ్చినది. ఇక ఆ అమ్మాయికి అనువాదం చేరినది జూలై 24న. ఆమె తన లెక్క ప్రకారం సెప్టెంబరు 24 వరకు తీరికగా ఆలోచించుకోవచ్చునని నమ్మినది. అసలు గడువుకు, ఆమె నమ్మిన గడువుకు మధ్య ఇరువది రెండు రోజుల అంతరం. అనువాదం తప్పుగా ఉన్నదని చెప్పుకొన్నంత మాత్రాన గడువు పొడిగింపబడదు. కార్యాలయం తాను ప్రచురించిన దానినే చూస్తుంది కాని మనం డబ్బిచ్చి చేయించుకొన్న అనువాదాన్ని చూడదు.

ఇక్కడ ఒక మాట. అనువాదకులలో చాలామందికి సంఖ్యలంటే చిన్నచూపు. వాటిలో అనువదించడానికి ఏముంటుంది అన్నది వారి భావన. అందుకే ఆ వాక్యాలను వేగంగా దాటిపోతారు. కాని సమీక్షించేవాడు మొట్టమొదట చూడవలసినది అంకెలనే, ఆ అంకెల వెంట వచ్చే "నుండి, లోపల, వరకు, పిదప" అన్న చిన్న మాటలనే. నేను రెండు కాగితాలలోని అంకెలన్నింటినీ ఒక తెల్లకాగితం మీద రెండు వరుసలుగా ఎత్తి వ్రాసుకొన్నాను. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలలోనే ఈ గడువు సంగతి బయటపడినది.

మూడవ దోషం నావంటి వ్యాకరణప్రియులకు ఆసక్తికరమైనది. తెలుగు వాక్యానికి కర్త కనిపించకపోయినా లోటు లేదు. "ఇచట ఉమ్మివేయరాదు" అంటే ఎవరు ఉమ్మివేయరాదో ఎవరూ అడుగరు. ఇంగ్లీషు వాక్యానికి ఆ వెసులుబాటు తక్కువ. అక్కడ ఎవరో ఒకరిని కర్తస్థానంలో కూర్చుండబెట్టక తప్పదు. ప్రకటనలో ఒక వాక్యం ఇట్లా ఉన్నది: "ప్రకటన ప్రచురింపబడిన తేదీ మొదలు సదరు భూమిపై ఎట్టి క్రయవిక్రయములు జరుపరాదు, ఎట్టి భారము కల్పింపరాదు." ఇది చట్టంలోని 11వ సెక్షను నాలుగవ ఉపవిభాగం మాట. భూమి గలవారు దానిని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, కలెక్టరు ప్రత్యేకంగా మినహాయింపు ఇస్తే తప్ప. "భారము" అంటే ఇక్కడ తాకట్టు వంటి ఋణబంధం. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో ఇ.సి. తీసుకొనే ప్రతివారికీ తెలిసిన ఎన్‌కంబరెన్స్.

అనువాదకుడు మొదటి సగానికి "అమ్మకపోవడం మంచిది" అన్న అర్థంలో సలహా వాక్యం వ్రాసినాడు. రెండవ సగానికి వచ్చేసరికి కర్త కోసం వెదికి, ప్రభుత్వాన్ని తెచ్చి ఆ స్థానంలో కూర్చుండబెట్టినాడు. భారము అన్నదానికి బర్డెన్ అన్నాడు. ఫలితంగా ఆ వాక్యం "భూయజమానులపై ప్రభుత్వం ఎట్టి భారమూ మోపదు" అని వాగ్దానంగా మారిపోయినది! ప్రజలకు విధించిన నిషేధం, ప్రజలకు ఇచ్చిన అభయంగా తేలినది. నేను మొదట నవ్వుకొన్నాను. ఆ తరువాత నవ్వు ఆగిపోయినది. ఎందుకంటే ఆ అమ్మాయి తన వాటాపై అక్కడి నుండే ఏదో అప్పుకు హామీ వ్రాసి ఇచ్చే ఆలోచనలో ఉన్నదట. నిషేధాన్ని తెలిసి ఉల్లంఘిస్తే దానివలన కలిగే నష్టాన్ని కలెక్టరు భర్తీ చేయడని కూడా ఆ సెక్షనే చెప్పుతున్నది.

ఈ సందర్భంలోనే క్రియాంతాలను గురించి చెప్పవలసి ఉన్నది. సర్కారు తెలుగులో బలమంతా వాక్యం చివర ఉంటుంది. "వలెను" అంటే విధి. "రాదు" అంటే నిషేధం. "వచ్చును" అంటే అనుమతి. "బడును, బడవు" అంటే కార్యాలయం తాను చేయబోయేదానిని ముందుగా చెప్పడం. ఆంగ్లంలో ఈ బలాన్ని మోసేవి "షల్, షల్ నాట్, మే, విల్ నాట్" వంటి చిన్న క్రియలు. మన అనువాదంలో "గడువు దాటిన పిదప అందిన అభ్యంతరములు పరిగణింపబడవు" అన్నదానికి "మే నాట్ బి కన్సిడర్డ్" అని వచ్చినది. అంటే పరిగణించకపోవచ్చు, ఒకవేళ పరిగణించనూ వచ్చు. మూసిన తలుపును ఓరగా తీసి పెట్టినట్లయినది. తెలుగులో "వచ్చును" అన్నది కూడా అనుమతి, సంభావన అనే రెండర్థాలు గల మాటే. "దాఖలు చేయవచ్చును" అనుమతి. "వర్షము కురియవచ్చును" సంభావన. కాని "పరిగణింపబడవు"లో అటువంటి ద్వైధం ఏమీ లేదు. మూలంలో లేని సందిగ్ధతను అనువాదం తెచ్చిపెట్టినది.

నాలుగవది స్థాయీదోషం. భాషాస్థాయి అంటే మాటల కాఠిన్యం కాదు. ఎవరు, ఎవరితో, ఏ అధికారంతో మాట్లాడుతున్నారో వినగానే తెలియడం. తెలుగు ప్రకటన "ఇందుమూలముగా సంబంధిత వ్యక్తులందరికి తెలియజేయునది ఏమనగా" అని మొదలవుతుంది. ఇది అందమైన తెలుగు అని నేను అనను. అయితే ఇది అధికారి గొంతు అని నిరక్షరాస్యుడు కూడా విని గుర్తుపట్టగలడు. ఆంగ్లానువాదం "డియర్ ల్యాండ్ ఓనర్స్, వుయ్ ఆర్ హ్యాపీ టు ఇన్‌ఫామ్" అంటూ మొదలయినది. చివరకు "యు ఆర్ వెల్‌కమ్ టు షేర్ యువర్ కన్సర్న్స్" అని ముగిసినది. ఇది ఫ్లాట్లు అమ్మే సంస్థవారి కరపత్రం గొంతు. భూమి తీసుకుంటామని చెప్పేవాడు సంతోషంగా తెలియజేయడమేమిటి?

స్థాయి మారితే శోభ మాత్రమే పోతుందనుకొంటే పొరపాటు. అర్థం కూడా పోతుంది. "అభ్యంతరము" అన్న మాటను "కన్సర్న్" అన్నారు. అంటే మనసులోని దిగులు. దిగులు వెళ్ళబోసుకొంటే విన్నవారు తల ఊపి ఊరుకోవచ్చు. అభ్యంతరం అట్లా కాదు. చట్టంలో 15వ సెక్షను ప్రకారం అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా కలెక్టరుకు ఇవ్వాలి. ఇచ్చిన మీదట ఆయన ఇచ్చినవారి మాట వినే అవకాశం కల్పించి తీరాలి. భూమి విస్తీర్ణం మీద, దాని అనుకూలత మీద, చెప్పిన ప్రజాప్రయోజనం సబబేనా అన్న దాని మీద అభ్యంతరం చెప్పవచ్చు. అంటే ఆ మాట వెనుక ఒక హక్కు, ఎదుట ఒక బాధ్యత ఉన్నవి. ఆంగ్లంలో దానికి "ఆబ్జెక్షన్" అన్న సరియైన మాట వందేళ్ళుగా ఉన్నది. మర్యాదగా ఉంటుందని దానిని మార్చడం వలన ఆ హక్కు కనిపించకుండా పోయినది. ఈ కుటుంబానికి చెప్పుకోవలసిన అభ్యంతరం గట్టిదే ఉన్నది. ప్రతిపాదించిన భాగం పోతే మిగిలే ముక్కకు బండి పోయే దారి ఉండదు.

ఐదవది లోపాలు, అంటే మూలంలో ఉండి అనువాదంలో లేనివి. ఇవి కనిపెట్టడం అన్నింటికంటె కష్టం. తప్పుగా ఉన్న మాట కంటికి తగులుతుంది. లేని మాట ఎక్కడ తగులుతుంది? దీనికి నేను పిల్లల కాపీ పుస్తకాలు దిద్దిన నాటి పద్ధతినే అవలంబించినాను. మూలంలోని ప్రతి వాక్యానికి ఒక సంఖ్య వేసి, అనువాదంలో దానికి దీటైన వాక్యానికి అదే సంఖ్య వేసుకుంటూ పోయినాను. మూలంలో పదునాలుగు వాక్యాలు. అనువాదంలో పదకొండింటికే జోడు దొరికినది. విడిగా మిగిలిన మూడింటిలో రెండు పెద్దగా నష్టం లేనివి. మూడవది ఇది: "అభ్యంతరదారులు స్వయముగా గాని, తాము అధికారమిచ్చిన వ్యక్తి ద్వారా గాని, న్యాయవాది ద్వారా గాని విచారణకు హాజరు కావచ్చును."

అమెరికాలో ఉన్న మనిషికి ఈ ప్రకటన మొత్తంలో ఇంతకంటె అవసరమైన వాక్యం మరొకటి లేదు. విమానం ఎక్కి రానక్కరలేదు, బాబాయికి అధికారమిస్తే చాలు అని చెప్పే వాక్యం ఇది. దానినే వదలివేసినారు. ఎందుకు వదలినారో ఊహించగలను. దాని ముందు వాక్యం కూడా "అభ్యంతరదారులు" అనే మొదలవుతుంది. చూచి వ్రాసేవాని కన్ను మొదటి "అభ్యంతరదారులు" నుండి రెండవ దాని మీదకు దూకినది. తాళపత్రాల లేఖకులు కూడా సరిగ్గా ఇట్లాగే పంక్తులు జారవిడిచేవారు. ఒకే మాటతో మొదలయ్యే రెండు వాక్యాలు ప్రక్కప్రక్కన ఉన్నప్పుడు సమీక్షకుడు అక్కడ ఆగి చూడవలసినదే.

ఇక షెడ్యూలులో ఉన్న విస్తీర్ణం సంగతి. దానిని నేను కనిపెట్టలేదు. నా అంకెల వరుసలో మూలం వైపు 2-20, అనువాదం వైపు 2.20 ఉంటే సరిపోయినదనే అనుకొన్నాను. ఆ సాయంత్రం గిర్దావరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్న మా వీధి పెద్దమనిషి ఒకరు కాగితం చూసి, "పంతులుగారూ, ఈ గీటు ఎట్ల చుక్క అయినది?" అని అడిగినారు. తెలంగాణలో ఎకరానికి నలుబది గుంటలు. 2-20 అంటే రెండెకరాల ఇరువది గుంటలు, అంటే సరిగ్గా రెండున్నర ఎకరాలు. కోస్తా జిల్లాలలో ఎకరానికి నూరు సెంట్లు కనుక అక్కడివారికి 2.20 అన్నా ఒకటే. ఇక్కడ కాదు. షెడ్యూలు పైన "ఎ. గుం." అని ఉన్న శీర్షికను అనువాదంలో "ఎకర్స్" అని ఒక్క మాటలో తేల్చివేయడంతో రెండున్నర ఎకరాలు రెండెకరాల ఎనిమిది గుంటలకు దిగిపోయినది. తేడా పన్నెండు గుంటలు. గుంటకు 121 చదరపు గజాల చొప్పున 1452 చదరపు గజాలు. ఆ అమ్మాయి 4.10లో 2.20 పోతే తమకు 1.90 మిగులుతుందని లెక్క కట్టుకొన్నది. మిగిలేది నిజానికి ఎకరా ముప్పది గుంటలు, అంటే ఒకటి ముప్పాతిక.

ఆ పెద్దమనిషి నా తప్పును కూడా ఒకటి దిద్దినారు. దానిని దాచుకోవడం న్యాయం కాదు. ప్రకటనలో "భూమియందు హితము గల వ్యక్తులు" అన్న పదబంధం ఉన్నది. అనువాదకుడు దానిని "ల్యాండ్ ఓనర్స్" అన్నాడు. నేను సంస్కృతం చదివినవాడిని కనుక హితము అంటే మేలు అని, ఇది భూమికి మేలు కోరేవారు అనే వికృతమైన పదబంధం అని, ఓనర్స్ అనడమే నయమని వదలివేసినాను. ఆయన నవ్వి, "కౌలుకు చేసేటోడు ఎవరు మరి?" అన్నారు. ఇది ఆంగ్ల చట్టంలోని "పర్సన్ ఇంటరెస్టెడ్" అన్నదానికి వచ్చిన తెలుగు. ఆ నిర్వచనంలో పరిహారంలో హక్కు చెప్పుకొనేవారందరూ ఉన్నారు. రాష్ట్ర చట్టాల క్రింద కౌలు హక్కు గలవారున్నారు. ఆ భూమి మీదనే ప్రధానంగా బ్రతికేవారున్నారు. నా విద్యార్థి కుటుంబపు పొలాన్ని ఏండ్లుగా కౌలుకు చేస్తున్న రైతు ఒకడున్నాడు. "ఓనర్స్" అన్న మాటతో అనువాదకుడు అతనిని ప్రకటన నుండి వెళ్ళగొట్టినాడు. పాండిత్యంతో నేను దానికి వంత పాడినాను. ఆ మాటకు నిఘంటువులో ఉన్న అర్థం ఒకటి, దస్తావేజులో ఉన్న అర్థం మరొకటి అని ఈ వయస్సులో నేర్చుకొన్నాను.

మరునాడు నేను, నా విద్యార్థి కలిసి ఆ అనువాద కేంద్రానికి వెళ్ళినాము. అనువదించిన యువకుడు మర్యాదస్థుడు. తప్పు ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు. అయితే అతడు అడిగిన ఒక ప్రశ్న నన్ను ఆలోచింపజేసినది. "సార్, ఈ సర్కారు తెలుగు చదివితే మనకే తల తిరుగుతుంది. అమెరికాల ఉన్న పిల్లకు సులువుగ ఉండాలని మార్చిన. సులువు చేయుడు తప్పా?"

తప్పు కాదు. "ఇందుమూలముగా" అన్నదానికి "హియర్‌బై" అని వ్రాయకపోయినా కొంప మునగదు. నాలుగు పంక్తుల వాక్యాన్ని మూడు చిన్న వాక్యాలుగా విరిచినా దోషం లేదు. కర్మణి ప్రయోగాలను కర్తరిగా మార్చినా మేలే. మాటలను సులభం చేయవచ్చు. క్రియకు ఉన్న బలాన్ని సడలించరాదు, గడువును కదిలించరాదు, మనుషులను చేర్చనూ రాదు, తీసివేయనూ రాదు. ఎవరు, ఏమి, ఎప్పటిలోగా, ఎవరికి, ఎవరి ద్వారా చేయాలి అన్న ఐదు ప్రశ్నలకు రెండు కాగితాలలోను ఒకే సమాధానం వస్తే, ఆపైన భాష ఎంత సరళమైతే అంత మంచిది. అతడు సులువు చేసినది మాటలను కాదు, పర్యవసానాన్ని. చదివే పిల్ల మనసు నొవ్వకుండా చేయబోయి ఆమె చేతిలోని హక్కును తీసి ప్రక్కన పెట్టినాడు.

అయితే దోషమంతా అతని నెత్తిన వేయడం కూడా అన్యాయమే. ఆ తెలుగు ప్రకటన తానే ఒక అనువాదం. చట్టం ఆంగ్లంలో ఉన్నది. కార్యాలయంలో ఎవరో దానిని మాటకు మాటగా తెలుగు చేసినారు. "హితము", "భారము" అన్నవి అట్లా పుట్టినవే. ఆ తెలుగును మళ్ళీ ఇంగ్లీషులోనికి తీసుకొని వెళ్ళేసరికి బయలుదేరిన చోటికి చేరకుండా మరెక్కడికో చేరినది. స్థానిక భాషలో గ్రామ పంచాయతీ వద్ద ఈ ప్రకటన ఉంచాలని చట్టమే చెప్పుతున్నది. స్థానిక భాష అంటే తెలుగు లిపి అని కాదు కదా. "ఈ భూమిని మీరు అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు" అని కర్తను చెప్పి తిన్నగా వ్రాసి ఉంటే ఏ అనువాదకుడూ దానిని వాగ్దానంగా మార్చలేడు. "సొంతదారులు, కౌలుదారులు, ఈ భూమి మీద బ్రతికేవారు" అని ఉంటే కౌలు రైతు మాయమయ్యేవాడు కాదు. "60 దినముల లోపల" అన్న దాని ప్రక్కన "అనగా 2024 సెప్టెంబరు 2వ తేదీ లోపల" అని ఒక తేదీ వేసి ఉంటే చాలు. తేదీని ఎంతటి అనువాదకుడైనా చెడగొట్టలేడు.

మేము ముగ్గురం కూర్చొని ఆ పదునాలుగు వాక్యాలను తిరిగి ఆంగ్లంలో వ్రాసినాము. భాష నాది, రెవెన్యూ మాటలు గిర్దావరుగారివి, టైపు చేసినది ఆ యువకుడే. అతడు రెండవసారి డబ్బు తీసుకోలేదు. పంపే ముందు మరొక పరీక్ష కూడా పెట్టినాము. మూలం చూడని నా విద్యార్థి కుమారుని పిలిచి, ఆంగ్లం చదివించి, "దీని ప్రకారం నీవేమి చేస్తావు?" అని అడిగినాము. అతడు చెప్పిన సమాధానాన్ని తెలుగు ప్రకటనతో సరిచూసినాము. విస్తీర్ణం దగ్గర ఒక్కచోట తడబడినాడు. అక్కడ "రెండెకరాల ఇరువది గుంటలు, అనగా రెండున్నర ఎకరాలు" అని విప్పి వ్రాసినాము.

ఆ అమ్మాయి నుండి రెండు రోజులలో జవాబు వచ్చినది. అప్పు హామీ ఆలోచన మానుకొన్నది. విచారణకు హాజరయ్యేందుకు బాబాయికి అధికారం ఇస్తూ పత్రం పంపినది. కౌలు రైతుకు ఈ సంగతి తెలుసునా అని ఆమె అంతట ఆమె అడిగినది. ఆగస్టు 28వ తేదీన వారి అభ్యంతరపత్రంతో పాటు ఆ రైతు పేర మరొక అభ్యంతరపత్రం కూడా కార్యాలయంలో ఇచ్చి, రెండింటికీ తేదీతో రసీదు తీసుకొన్నారు. భూమి నిలుస్తుందా, పోతుందా అన్నది విచారించేవారి చేతిలోని మాట. అభ్యంతరం గడువులోగా చేరినదా లేదా అన్నది మాత్రం మన చేతిలోని మాట. దానికి ఇంకా ఐదు రోజులు మిగిలి ఉండగానే ఆ కాగితాలు చేరినవి.